అమ్మమ్మ అరిసెల కార్డు: రెండు గీతలా, మూడు గీతలా?

మా పెద్దమ్మ పోయాక ఆవిడ ట్రంకుపెట్టె సర్దుతుంటే అన్నయ్యకి ఒక పోస్టుకార్డు కనిపించింది. అమ్మమ్మ పెద్దమ్మకి రాసింది, అరిసెలు ఎలా చెయ్యాలో. వెంటనే ఫోటో తీసి నాకు పంపాడు, "నువ్వైతే చదవగలవు, పండక్కి చేసి చూపించు" అంటూ. డిసెంబరు మొదట్లో సంగతి ఇది. అన్నయ్య కూతురు అమెరికాలో ఉంటుంది, ఇంటి వంటలన్నీ ఒక పుస్తకంలా వేయించాలని దాని ఆలోచన, అందుకని "అత్తా, గ్రాముల్లో చెప్పు, ఇంకా ఎన్ని సర్వింగ్స్ వస్తాయో కూడా చెప్పు" అని మరునాడే ఫోన్ చేసింది.

ఫోటోలో కార్డు ఒక్కటే ఉంది. తెల్లటి బండ మీద పెట్టి, ఫ్లాష్ వేసి, పైనించి తీసిన ఫోటో. నడిమధ్యన ఫ్లాష్ మెరుపు, సరిగ్గా అక్కడే బెల్లం లెక్క. కుడి అంచు కాస్త కోసుకుపోయింది. వెనకవైపు ఫోటో లేదు. నీలం సిరా వెలిసిపోయి, కాగితం పసుపెక్కి, అక్షరాలు ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి. ఫోన్‌లోనే నలుపు తెలుపు చేసి కాంట్రాస్ట్ పెంచితే సగం బయటపడ్డాయి. నేను చేసిన మొదటి తప్పు ఏంటంటే, కనిపించింది కనిపించినట్టు రాసుకోకుండా, నాకు అర్థమైంది రాసేసుకున్నాను. "బియ్యం 1 కిలో, బెల్లం అరకిలో, నువ్వులు, నెయ్యి, యాలకులు" అని.

ఎందుకలా చదివానంటే, కార్డులో బియ్యం పక్కన "మా" అని, దాని పక్కన గుండ్రంగా ఒక అంకె ఉంది. మా అంటే మానిక అని తెలుసు, మానికంటే సుమారు కిలో అని ఎప్పుడో విన్నాను. బెల్లం పక్కన ఒక అక్షరం, ఆ తర్వాత నిలువు గీతలు. ఆ అక్షరం నాకు "కి" లాగా కనిపించింది. గీతల్ని అర అనుకున్నాను, అదెలా అనుకున్నానో ఇప్పుడు ఆలోచిస్తే నాకే తెలీదు, బహుశా మెరుపు పక్కన రెండే కనిపించి ఉంటాయి. రెండు గీతలంటే అర అన్న సంగతి చిన్నప్పుడు కిరాణా కొట్టు పద్దుల్లో చూసిన గుర్తు. మా ఊరి కొట్టాయన పావు అనడానికి ఒక నిలువు గీత, అరకి రెండు, ముప్పావుకి మూడు గీసేవాడు. అవి పాత తెలుగు భిన్నాల గుర్తులు. వీసాలు, అంటే పదహారో వంతులు రాయాలంటే ఆ గీతల్నే అడ్డంగా గీసేవాళ్ళు. ఇప్పుడు యూనికోడ్‌లో కూడా వీటికి చోటుంది, కానీ మన ఫోన్లలో చాలావాటిల్లో డబ్బాలే కనిపిస్తాయి.

సరే, జనవరి మొదటి వారంలో ఆ లెక్కతోనే మొదలుపెట్టాను. కిలో బియ్యం ఒక రోజంతా నానబెట్టి, మధ్యలో రెండుసార్లు నీళ్ళు మార్చి, వడకట్టి, గుడ్డ మీద నీడన ఆరబోసి, తడి పూర్తిగా పోకముందే మర పట్టించి, జల్లించి, పిండి ఆరిపోకుండా గిన్నెలో అదిమి మూత పెట్టాను. అరకిలో బెల్లం పాకం పట్టి, పళ్ళెంలో నీళ్ళల్లో ఒక చుక్క వేస్తే మెత్తటి ఉండ కట్టింది, దించాను, పిండి పోస్తూ తెడ్డుతో కలుపుతున్నాను. సగం పిండి దాటాక తెడ్డు తిరగడం లేదు. అక్కడ ఆగి ఉంటే బాగుండేది. కార్డులో కిలో అని ఉందిగా (లేదు, నేను అనుకున్నాను!), అని మొత్తం పిండీ కుక్కాను. ఆకు మీద నొక్కుతుంటే అంచులు పగుళ్ళిచ్చాయి, వేయిస్తే గట్టిగా, చప్పగా, రెండో రోజుకి పన్ను దిగనట్టు తయారయ్యాయి. మా ఆయన ఒకటి తిని "బావుంది" అని రెండోది ముట్టుకోలేదు.

పాకం లేతదైతే అరిసె నూనెలో విచ్చుకుని ముక్కలవుతుంది. నావి విచ్చుకోలేదు, నొక్కేటప్పుడే పగిలాయి. అంటే పాకం ముదురు లేతల గొడవ కాదు, పాకానికి మించి పిండి పడింది. అప్పుడనిపించింది, తప్పు చేతిలో లేదు, చదవడంలో ఉంది అని.

పాలకొల్లులో ఉన్న పిన్నికి ఫోన్ చేశాను. డెబ్బై ఎనిమిదేళ్ళు, వినికిడి కాస్త తగ్గింది కానీ లెక్కలు మాత్రం నోటిమీదే ఉంటాయి. జరిగింది చెప్పాను.

"కిలోలేంటే, మీ అమ్మమ్మ కిలోల్లో ఎప్పుడు రాసింది? అది కి కాదు, వీ. వీశ."

"వీశ అంటే ఎంత పిన్నీ?"

"నలభై పలాలు. పలానికి మూడు తులాలు. నూట ఇరవై తులాలు వీశ."

తులం 11.66 గ్రాములు కాబట్టి వీశ దాదాపు 1400 గ్రాములు. అర వీశ 700. ముప్పావు వీశ 1050. నేను వేసింది 500. అక్కడికి ఒక ముడి విడిపోయింది, ఇంకోటి పడింది. ఇప్పుడు ఆ గీతలు రెండా మూడా అన్నది 350 గ్రాముల బెల్లం తేడా.

ఇక్కడ ఒక మాట. కార్డులో శేరు అన్న మాట లేకపోవడం నా అదృష్టం. కోస్తాలో శేరంటే 24 తులాలు, అయిదు శేర్లు ఒక వీశ. మా అత్తగారిది వరంగల్, ఆవిడ లెక్కలో శేరంటే 80 తులాలు. అంటే ఒకచోట 280 గ్రాములు, ఇంకోచోట 930. మీ ఇంట్లో ఇలాంటి కార్డు ఏదైనా ఉండి అందులో శేరు అని ఉంటే ముందు అడగాల్సింది రాసినవాళ్ళది ఏ ఊరు అని.

అన్నయ్యకి ఫోన్ చేసి మళ్ళీ ఫోటోలు కావాలన్నాను. "పంపానుగా!" అన్నాడు. ఈసారి ఫ్లాష్ వద్దు, కిటికీ పక్కన పెట్టి తియ్యి, నాలుగంచులూ కనపడాలి, వెనకవైపు కూడా తియ్యి, తర్వాత చీకట్లో టార్చిని కార్డుకి పక్కనించి బల్లకి ఆనించి పెట్టి ఒకటి తియ్యి, టార్చి అటువైపు మార్చి ఇంకోటి తియ్యి అన్నాను. ఇంకా, అదే పెట్టెలో అమ్మమ్మ రాసిన ఉత్తరాలు ఏమున్నా ఒకటి రెండు పంపమన్నాను. ఎందుకు అన్నాడు. ఒక్క కార్డు మాత్రమే చూసి ఒక మనిషి అంకెలు ఎలా రాస్తుందో చెప్పలేం, ఇంకోచోట అదే అంకె తేటగా ఉంటే పోల్చుకోవచ్చు. విసుక్కున్నాడు గానీ ఆదివారం కూర్చుని అన్నీ తీసి పంపాడు, పాపం.

ఈలోగా నేను కొత్త కాగితం తీసుకుని, ఈసారి కార్డులో ఏ వరుస ఎక్కడ తెగిందో అక్కడే తెంపుతూ, తెలియనిది తెలియదని రాస్తూ ఎత్తి రాశాను. యోగక్షేమాలు వదిలేస్తే అసలు సరుకు ఇది:

కొత్త బియ్యం మా [౧ లేక ౨]
బెల్లం వీ [|| లేక |||]
నువ్వులు గి ౧
నెయ్యి తు ౫ యాలకులు ౬
పాకం ఉండకట్టే దాకా [చెరిగింది]
పెద్ద నిమ్మకాయంత ఉండ చేసి [అంచు లేదు]

అంకెలు రెండింటిలో అనుమానం, మిగతావి పర్వాలేదు. "తు" చూసి ఒక్క క్షణం తూమేమో అనుకున్నా, కుంచాలకి కుంచాలు నెయ్యి పోసి ఎవరు చేస్తారు, తులమే. అయిదు తులాలు 58 గ్రాములు, పాకంలో వేసే నెయ్యికి సరిపోతుంది. కొలత అర్థం కానప్పుడు ఆ వంటలో ఆ సరుకు ఎంత పడుతుందో తెలిసి ఉంటే సగం పని అయిపోతుంది.

ఇప్పుడు మానిక ఎంత అన్నది తేలాలి. రెండు గిద్దెలు అరసోల, నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. ఇంతవరకు అందరూ ఒకటే చెప్తారు. కానీ సోల అంటే ఎన్ని మిల్లీలీటర్లు అంటే ఒక్కొక్కరిది ఒక్కో లెక్క, ఊరిని బట్టి మారేది. అందుకని పుస్తకాల్లో వెతకడం మానేసి పిన్ని దగ్గర ఉన్న అమ్మమ్మ ఇత్తడి సోల పట్టుకున్నాను. పట్టుకున్నానంటే, వీడియో కాల్‌లో పిన్ని కోడలు ఆ సోల నిండా నీళ్ళు పోసి, ఆ నీళ్ళని పసిపిల్లల మందు కొలిచే కప్పులోకి వంచి లెక్క చెప్పింది. 280 మిల్లీలీటర్లు. కాబట్టి ఆ ఇంటి మానిక 1120. బియ్యం కూడా కొలిచి తూకం వెయ్యమన్నాను, నాలుగు సోలలు 930 గ్రాములు వచ్చాయి.

వెనకాల నించి పిన్ని కేక. "అలా కొలుస్తారటే ఎవరైనా! అంచుకి చేత్తో తోసేస్తే అది సోల ఎలా అవుతుంది, పైన గుట్టలా పొయ్యి." పోస్తే 1130 గ్రాములు. అదే సోల, అవే బియ్యం, 200 గ్రాములు తేడా. బియ్యం కొలిస్తే గుట్టలాగే కొలిచేవాళ్ళం అని పిన్ని పట్టుదల. కార్డులో మాత్రం అది రాసి లేదు, ఎందుకు రాస్తారు, కూతురికి తెలుసు కదా.

సరే, పట్టిక వేసుకోకుండా నోటితోనే లెక్క చూశాను. అరిసెలకి మామూలుగా బియ్యం తూకంలో అరవై నుంచి డెబ్బై అయిదు శాతం బెల్లం పడుతుంది, ఒక అయిదు అటూ ఇటూ. బియ్యం ఒక మానిక, బెల్లం అర వీశ అయితే, సోల సమంగా కొలిస్తే డెబ్బై అయిదు, గుట్టలా పోస్తే అరవై రెండు. రెండూ బాగానే ఉన్నాయి. రెండు మానికలకి ముప్పావు వీశ అయితే సమంగా కొలిస్తే యాభై ఆరు, కాస్త తక్కువ కానీ తీపి తక్కువ తినే ఇళ్ళల్లో ఉండకూడదని ఏం లేదు. ఒక మానికకి ముప్పావు వీశ అంటే సమంగా కొలిస్తే బియ్యంకంటే బెల్లమే ఎక్కువ, గుట్టలా పోసినా తొంభై మూడు, అది కాదు. రెండు మానికలకి అర వీశ అంటే ముప్పై ఎనిమిది, అదీ కాదు. నాలుగు దారుల్లో రెండు మూసుకుపోయాయి, రెండు మిగిలాయి. లెక్కతో ఇంతకంటే ముందుకి పోలేం, కార్డే చెప్పాలి.

ఆదివారం రాత్రి ఫోటోలొచ్చాయి. ముందు టార్చి ఫోటోలు తెరిచాను. మూడో గీత దగ్గర పెంచి చూస్తే, టార్చి ఎడమనించి వేసినప్పుడు గీతకి కుడిపక్క నీడ, కుడినించి వేస్తే ఎడమపక్క నీడ. సిరా గీతకి నీడ ఎక్కడుంటుంది? పైగా ఆ గీత అక్కడితో ఆగలేదు, పై వరుసలో "బియ్యం" మాటనీ దాటి కార్డు పై అంచుదాకా సన్నగా పోతోంది. మడత అది. కార్డుని ఎవరో నిలువుగా మడిచి, బహుశా బియ్యం డబ్బాలోనో పుస్తకంలోనో పెట్టుకున్నారు, మడత మీద మురికి చేరి సిరాలాగే కనిపిస్తోంది. మిగతా రెండు గీతలకి నీడ లేదు, రెండిట్లో మొదటిది కొంచెం పొట్టి.

పెట్టెలో దొరికిన ఇంకో ఉత్తరంలో అమ్మమ్మ నెల సామాను రాసింది, అందులో కందిపప్పు పక్కన తేటగా రెండు గీతలు, మొదటిది పొట్టి, అచ్చం ఇలాగే. అందులోనే ౨ రెండుచోట్ల ఉంది, రెండుచోట్లా తోకని వరుస కిందకి లాగింది, పక్కనున్న అక్షరానికి తగిలేంత. అరిసెల కార్డులో మానిక పక్కన తోక లేదు. సిరా వెలిసి పోయిందేమో అని కిటికీ ఫోటోలో పెంచి చూశాను, పక్కనే సన్నటి అక్షరాలు కూడా కనిపిస్తున్నాయి, తోక ఉంటే కనిపించకపోవడానికి కారణం లేదు. కాబట్టి ౧.

కార్డు వెనకవైపు చూస్తే స్టాంపు మీద నయా పైసల గుర్తు ఉంది. దేశంలో నయా పైసలు 1957లో వచ్చాయి, 1964 జూన్ నుంచి వట్టి పైసలయ్యాయి. తేదీ ముద్ర సగం పడింది, సంవత్సరం తెలియలేదు గానీ ఆ ఏడేళ్ళ లోపల అన్నమాట. తూనికలు కొలతల చట్టం 1956లో వచ్చి, 1958 నుంచి కిలోలు మెల్లగా బజారుకి వస్తున్న రోజులు. కొట్టులో కిలో రాయి వచ్చినా ఇంట్లో వీశే మాట్లాడుకునే కాలం. నేను "కి" అనుకోవడం మరీ పిచ్చితనమేమీ కాదని కొంచెం ఊరట, అయినా అది వీ యే, గుడి విప్పారి దీర్ఘం కిందకి దిగింది, కిటికీ వెలుగులో స్పష్టంగా ఉంది.

వెనకవైపు అడ్రసు పక్కన ఖాళీలో ఇంకో వరుస కూడా ఉంది, ముందువైపు చోటు చాలక రాసింది. "ఇవి నలభైకి తక్కువ రావు. సారెకి రెండింతలు చేసుకో." ఇది మొదటి ఫోటోలో ఉంటే నాకు కిలో పిండి మిగిలేది!

నలభై అన్నది నా చదువుకి ఇంకో సాక్ష్యం. మానిక బియ్యం నానిపోయి తడిపిండి అయ్యేసరికి దాదాపు కిలోంబావు అవుతుంది, దానికి 700 బెల్లం, నెయ్యి, నువ్వులు. చలిమిడి ఇంచుమించు రెండు కిలోలు. నలభైకి పంచితే ఒక్కోటి యాభై గ్రాములకి కాస్త తక్కువ, పెద్ద నిమ్మకాయంత. రెండు మానికలూ ముప్పావు వీశా అయితే డెబ్బై పైన రావాలి, నలభై అని ఎందుకు రాస్తుంది.

ఇక అన్నయ్య కూతురి సర్వింగ్స్. పిన్నిని అడిగాను, ఇది ఎంతమందికి అని.

"అరిసెలు మందికి లెక్కెడతారా? సారెకి లెక్కెడతారు. ఇంటికి అయిదు పంచాలి, ఎన్నిళ్ళో చూసుకో."

మనుషులకి ఎన్ని అని పట్టుబడితే "ఒకటి తింటే చాలు, రెండోది మొహమాటానికి" అంది. పుస్తకంలో ఆ గడిలో "40 అరిసెలు, ఒక్కోటి సుమారు 45-50 గ్రాముల ఉండ" అని రాయించాను. సర్వింగ్ అని ఒక సంఖ్య నేను కల్పించలేను, ఉండ బరువు చెప్తే వాళ్ళే చూసుకుంటారు. గ్రాములు కూడా కార్డు మాటకి పక్కన పెట్టమన్నాను, దాన్ని చెరిపి కాదు. "బియ్యం మానిక (అమ్మమ్మ సోలతో 930 గ్రాములు, గుట్టలా పోస్తే 1130 దాకా)" అలాగ.

భోగికి ముందురోజు మళ్ళీ చేశాను. గుట్టలా పోసిన లెక్కే తీసుకున్నా, పిన్ని మాట కాదనలేక. బెల్లం 700 తూచి, గిద్దెడు నీళ్ళు పోసి కరిగించి, వడకట్టి పాకం పట్టాను. ఈసారి ఒకటి నేర్చుకున్నాను గనక పిండి కొంచెం కొంచెంగా పోశాను, చలిమిడి తెడ్డుని వదిలి ముద్దగా వస్తూ ఇంకా జారుతున్నప్పుడే ఆపేశాను. రెండు గుప్పెళ్ళ పిండి మిగిలింది. అప్పుడు అర్థమైంది బియ్యం కొలతలో 200 గ్రాముల తేడా ఎందుకు అమ్మమ్మకి లెక్కలేదో. ఎంత పిండి పడుతుందో పాకం చెప్తుంది, బియ్యం కాస్త ఎక్కువే నానేస్తారు, మిగిలితే మిగులుతుంది. బెల్లం మాత్రం తూచి రాసింది. మొత్తం కార్డులో తప్పకూడని అంకె అదొక్కటే, మడత సరిగ్గా దానిమీదే పడింది.

ముప్పై ఎనిమిది వచ్చాయి. నలభైకి తక్కువ రావు అంది కదా అమ్మమ్మ, నా నిమ్మకాయలు పెద్దవై ఉంటాయి. అంచులు పగల్లేదు, చెక్కల మధ్య నొక్కితే నూనె బాగా కారింది, మూడో రోజుకి కూడా మెత్తగా ఉన్నాయి. మిగిలిన పిండిలో కాస్త బెల్లం తురుము కలిపి పచ్చి చలిమిడి చేశాను, అది మాత్రం మా ఆయన అడిగి మరీ తిన్నాడు.

"ఉండకట్టే దాకా" తర్వాత చెరిగిన ముక్క ఇప్పటికీ చదవలేదు. నాలుగైదు అక్షరాలు ఉండొచ్చు, చివర "చు" లాంటిది ఒకటి కనిపిస్తోంది, "దించు" కావచ్చు, "కలియతిప్పుతూ ఉంచు" కావచ్చు. పుస్తకంలో అక్కడ [చెరిగింది] అనే వేస్తున్నాం. కార్డుని మడత తీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, వెలుతురు తగలని చోట దాచమని అన్నయ్యకి చెప్పాను. ఇస్త్రీపెట్టెతో మడత సాపు చేస్తానన్నాడు, వద్దని గట్టిగా చెప్పాల్సి వచ్చింది.